సైడ్ ఆదాయం మొదలైతే ముందు వడ్డీ అప్పు తీర్చాలా, పొదుపు మొదలుపెట్టాలా?

సాయంత్రం ట్యూషన్లు చెప్పడమో, ఇంట్లో బ్లౌజులు కుట్టడమో, ఆదివారాలు ఫంక్షన్లకు ఫొటోలు తీయడమో, ఏదో ఒక పక్క పని కుదిరి నెలకు ఏడెనిమిది వేలు అదనంగా రావడం మొదలవగానే చాలామంది చేసే మొదటి పని ఆర్డీ తెరవడం, లేదంటే తెలిసినవాళ్ల చీటీలో చేరడం. ఎందుకలా చేస్తారో అర్థమవుతుంది. ఇన్నేళ్లూ జీతం జీతంగా పోయింది, ఇప్పటికైనా మన పేరు మీద నాలుగు రాళ్లు వెనకేసుకోవాలని ఉంటుంది. కానీ అదే ఇంట్లో క్రెడిట్ కార్డు బాకీ ఒకటి నెలనెలా మినిమం డ్యూ కట్టుకుంటూ నడుస్తుంటుంది, లేదా మూడు రూపాయల వడ్డీకి రాసిన నోటు ఒకటి ఎవరి బీరువాలోనో ఉంటుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. నూటికి నెలకు 2 రూపాయలు, ఆపైన వడ్డీ పడే అప్పు ఉంటే సైడ్ ఆదాయంలో మొదటి రూపాయి నుంచి దానికే వెళ్లాలి, పొదుపు తర్వాత. అయితే రెండు మూడు చోట్ల ఈ సలహాను కళ్లు మూసుకుని పాటిస్తే నష్టం కూడా ఉంది, ఎందుకంటే అన్ని అప్పులూ ఒకేలా పనిచేయవు. కొన్నింటిని ముందే తీర్చినా పైసా కలిసిరాదు. అవి కూడా చెబుతాను.

ముందు అడగాల్సిన ప్రశ్న

అప్పు మీద రాసి ఉన్న వడ్డీ రేటు చూసి నిర్ణయం తీసుకోకండి. ఇలా అడగండి: "ఈరోజు నేను ఈ అప్పులో 1,000 రూపాయలు కడితే, వచ్చే నెల నుంచి నాకు పడే వడ్డీ ఎంత తగ్గుతుంది?" ఆ జవాబుని, అదే వెయ్యి ఆర్డీలో వేస్తే నెలకు వచ్చే దాంతో పోల్చండి. ఆర్డీలో ఏడాదికి 6.5 శాతం వేసుకున్నా వెయ్యికి నెలకు 5 రూపాయల 40 పైసలు. మూడు రూపాయల వడ్డీ నోటులో అదే వెయ్యి నెలకు 30 రూపాయలు మిగులుస్తుంది. క్రెడిట్ కార్డులో నెలకు 3.5 శాతం ఉంటే 35 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 41 రూపాయల 30 పైసలు. ఈ జీఎస్టీ సంగతి చాలామంది లెక్కలో వేసుకోరు, కానీ స్టేట్‌మెంట్‌లో వడ్డీ కింద వేరే లైనులో ప్రతి నెలా పడుతూనే ఉంటుంది. మన దగ్గర కార్డు వడ్డీలు చాలా బ్యాంకుల్లో నెలకు 3 నుంచి 3.75 శాతం మధ్య ఉంటున్నాయి. 30 శాతం దాటిన కార్డు వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో కొట్టేసింది కాబట్టి, రేటు దానంతట అదే దిగివస్తుందని ఎదురుచూడాల్సిన పని లేదు.

మూడు దారులు, ఒకే ఇంటి లెక్క

ఒక ప్రైవేటు స్కూలు టీచరమ్మను ఉదాహరణగా తీసుకుందాం. కార్డు మీద 60,000 బాకీ ఉంది, వడ్డీ నెలకు 3.5 శాతం. జీతంలోంచి నెలకు 3,000 కార్డుకు కడుతోంది. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు లెక్కల ట్యూషన్ మొదలుపెట్టింది, నెలకు 8,000 వస్తోంది. లెక్క తేలిగ్గా ఉండటానికి కార్డు మీద కొత్తగా ఏమీ కొనడం లేదనుకుందాం.

మొదటి దారి: జీతంలోంచి కట్టే 3,000 అలాగే కడుతూ, ట్యూషన్ డబ్బు 8,000 మొత్తం ఆర్డీలో వేస్తుంది. 60,000 మీద మొదటి నెల వడ్డీ 2,100, జీఎస్టీ 378, కలిపి 2,478. అంటే ఆమె కట్టిన 3,000లో అసలుకు వెళ్లింది 522 రూపాయలే. ఇలా ఎనిమిది నెలలు గడిచేసరికి కార్డుకు 24,000 కట్టి కూడా బాకీ ఇంకా సుమారు 55,170 ఉంటుంది. ఆర్డీలో వడ్డీతో కలిపి 65,500 చుట్టూ ఉంటుంది. ఒకటి తీసి ఒకటి కట్టేస్తే చేతిలో మిగిలేది సుమారు 10,400.

రెండో దారి: 3,000కు 8,000 కలిపి నెలకు 11,000 కార్డుకే. బాకీ మొదటి నెలాఖరుకు 51,478, తర్వాత 42,604, మూడో నెలకు 33,364, ఆరో నెల అయ్యేసరికి 3,289. ఏడో నెలలో 3,425 కడితే మొత్తం అయిపోతుంది. ఆ నెలలో మిగిలిన డబ్బు, ఎనిమిదో నెల 11,000 కలిపి చేతిలో 18,500 పైనే ఉంటుంది, నెత్తిన అప్పు లేదు.

మూడో దారి, చాలామందికి సముచితంగా అనిపించేది: సగం సగం. 4,000 ఆర్డీకి, 7,000 కార్డుకి. ఎనిమిది నెలలకు కార్డు బాకీ 18,140, ఆర్డీ 32,780 చుట్టూ. తేడా 14,600.

ఒకే జీతం, ఒకే ట్యూషన్ డబ్బు, ఎనిమిది నెలలకు 10,400, 14,600, 18,500. సగం సగం దారిలో మధ్యస్థంగా ఉన్నాం కదా అన్న తృప్తికి అయ్యే ఖర్చు దాదాపు 3,900, అంటే సగం నెల ట్యూషన్ డబ్బు. ఎనిమిది నెలల్లో మొదటి దారిలో కట్టిన వడ్డీ, జీఎస్టీ కలిపి 19,000 దాటుతుంది, రెండో దారిలో 9,425.

ఇంకో చిన్న విషయం, కానీ డబ్బున్న విషయం. కార్డు వడ్డీ రోజు లెక్కన పడుతుంది. ట్యూషన్ ఫీజులు 5వ తేదీకి వసూలై, కార్డు డ్యూ డేట్ 20వ తేదీ అయితే, అప్పటిదాకా ఆ 8,000 సేవింగ్స్ ఖాతాలో ఉంచడానికి ఆమె చెల్లించే ధర సుమారు 165 రూపాయలు. డబ్బు వచ్చిన రోజే యాప్‌లోంచి కట్టేయండి, రెండు మూడు ముక్కలుగా కట్టినా ఫరవాలేదు. అయితే ఒక జాగ్రత్త: స్టేట్‌మెంట్ రాకముందు కట్టిన డబ్బు ఆ తర్వాత వచ్చే స్టేట్‌మెంట్‌లో మినిమం డ్యూ కింద లెక్కకు రాకపోవచ్చు. కాబట్టి స్టేట్‌మెంట్ వచ్చాక, డ్యూ డేట్‌లోపు కనీసం మినిమం డ్యూ అంత మళ్లీ కట్టారో లేదో చూసుకోండి. జీతంలోంచి వచ్చే 3,000ని దీనికోసం వేరుగా ఉంచుకుంటే సరిపోతుంది.

"మరి మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే?"

పొదుపు ముందు అనేవాళ్ల అసలు భయం ఇదే, దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. సైడ్ ఆదాయం మొత్తం అప్పుకు కట్టేసి ఖాతా ఖాళీగా ఉంచుకుంటే, ఒక్క ఆసుపత్రి ఖర్చుతో మళ్లీ మొదటికి వస్తామేమో అని. దీనికి జవాబు మీ అప్పు ఏ రకందో దాన్నిబట్టి ఉంటుంది. ఈ తేడా తెలియకుండా ఎవరి సలహా విన్నా ఉపయోగం లేదు.

క్రెడిట్ కార్డులో మీరు కట్టిన డబ్బు మళ్లీ లిమిట్‌గా వెనక్కి వస్తుంది. మన టీచరమ్మ కార్డు లిమిట్ 75,000 అనుకుందాం. రెండో దారిలో మూడు నెలలు గడిచేసరికి బాకీ 33,364, అంటే 41,000 పైన లిమిట్ ఖాళీ. అప్పుడు 20,000 ఆసుపత్రి బిల్లు వచ్చిందనుకోండి, కార్డు గీకితే బాకీ 53,364 అవుతుంది. అదే మొదటి దారిలో వెళ్లి ఉంటే ఆర్డీ పగలగొట్టి 20,000 కట్టేది, చేతిలో నాలుగు వేల చిల్లర, కార్డు మీద 58,368. అంటే ఎమర్జెన్సీ వచ్చినా సరే, అప్పు ముందు కట్టినామె వెనకబడలేదు, కాస్త ముందే ఉంది. రాకపోతే చాలా ముందుంది. అందుకే కార్డు బాకీ విషయంలో నేను పొదుపుకు విడిగా ఏమీ తీయమని చెప్పను.

దీనికి హద్దులున్నాయి. నగదు కావాల్సిన ఖర్చులకు ఈ లెక్క పనిచేయదు: ఇంటి అద్దె, ఊళ్లో చావు ఖర్చు, కార్డు తీసుకోని చిన్న క్లినిక్. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, పైగా విడిగా ఫీజు, సాధారణంగా తీసిన మొత్తం మీద 2.5 శాతం, కనీసం ఐదొందలదాకా ఉంటుంది. అలాగే ఒకటి రెండు నెలలు కట్టడం తప్పితే బ్యాంకు లిమిట్ తగ్గించవచ్చు, కార్డు బ్లాక్ చేయవచ్చు. మీ కార్డు ఇప్పటికే బ్లాక్ అయి ఉంటే పై లెక్క మీకు వర్తించదు, మీది ఇక కింద చెప్పే రెండో రకం అప్పు.

రెండో రకం అంటే కట్టిన డబ్బు తిరిగిరాని అప్పు: వడ్డీ వ్యాపారి నోటు, పర్సనల్ లోన్, మైక్రోఫైనాన్స్ లోన్. ఇక్కడ మొత్తం ఊడ్చి కట్టేసి, పదిహేను రోజులకు పిల్లాడికి జ్వరమొచ్చి అదే వడ్డీ వ్యాపారి గుమ్మం దగ్గరకు వెళితే, ఈసారి ఆయన మూడు రూపాయలకు బదులు నాలుగు అడుగుతాడు. అందుకని ఇలాంటి అప్పు ఉన్నవాళ్లు మొదటి నెల సైడ్ ఆదాయాన్ని మాత్రం ఖాతాలో ఉంచుకోండి, ఒక నెల అద్దె, సరుకులకు సరిపడా. ఆ తర్వాత వచ్చేది అంతా అప్పుకే. ఆరు నెలల ఖర్చులకు సరిపడా నిధి కూడబెట్టాకే అప్పు జోలికెళ్లాలనే సలహా ఆరు, ఏడు శాతానికి అప్పులు దొరికేవాళ్లకు సరిపోతుందేమో, 36 శాతం కట్టేవాళ్లకు సరిపోదు.

ఇక రెండు రకాల వాళ్లూ చూసుకోవాల్సింది ఒకటుంది: ఖాతాలోంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే ఈఎంఐలు. ట్యూషన్ డబ్బు వచ్చిన ఊపులో ఖాతా మొత్తం ఖాళీ చేసి కార్డుకు కట్టేసి, మూడో రోజు బైక్ ఈఎంఐ బౌన్స్ అయితే బ్యాంకు ఒక ఛార్జీ, ఫైనాన్స్ కంపెనీ ఇంకో ఛార్జీ వేస్తాయి, రెండూ కలిపి వెయ్యి దాకా పోతుంది. వచ్చే పదిహేను రోజుల్లో ఏ తేదీకి ఎంత కట్ కావాలో ముందు కాగితం మీద రాసుకుని, ఆ మొత్తం వదిలేసి మిగతాది కట్టండి.

నోటు అప్పు: వ్యాపారి ఒప్పుకునే తీరు వేరు

కార్డుకు రోజూ వంద రూపాయలు కట్టినా తీసుకుంటారు. ప్రామిసరీ నోటు అలా కాదు. లక్ష రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తీసుకుంటే నెలకు 3,000 వడ్డీ, ఏడాదికి 36,000. ఆ వడ్డీ సరిగ్గా వస్తున్నంతకాలం వ్యాపారికి అసలు మీద తొందరేం ఉండదు. మీరు 8,000 పట్టుకెళ్లి అసలులో వేసుకోమంటే "ఇంత చిన్న మొత్తాలు వద్దమ్మా, ఒకేసారి తెచ్చివ్వు" అనే సమాధానమే చాలాచోట్ల వస్తుంది. అందుకే ముందు వెళ్లి మాట్లాడండి, ఎంత తెస్తే అసలులో వేసుకుంటారో అడగండి. కనీసం 25,000 అన్నారనుకుందాం. అప్పుడు మూడు నాలుగు నెలలు ట్యూషన్ డబ్బు విడి ఖాతాలో పోగేయాల్సిందే. బయటికి చూస్తే ఇది పొదుపులాగే ఉంటుంది కానీ దాని గమ్యం ముందే రాసిపెట్టి ఉంది, కాబట్టి ఏటీఎం కార్డు లేని ఖాతాలో వేసుకుంటే మంచిది. 25,000 కట్టగానే నెల వడ్డీ 3,000 నుంచి 2,250కి దిగుతుంది. ఆ మిగిలిన 750ని ఇంటి ఖర్చులో కలిసిపోనివ్వకుండా 8,000కు చేర్చితే రెండో 25,000 ఇంకాస్త త్వరగా పోగవుతుంది.

కట్టే రోజు మూడు పనులు మరచిపోకండి. మొదటిది, నోటు వెనక చెల్లు రాయించుకోవడం: తేదీ, మొత్తం, అది అసలులోకి అని స్పష్టంగా. వ్యాపారులు సాధారణంగా వచ్చిన డబ్బును ముందు బాకీ ఉన్న వడ్డీకి జమ చేసి మిగిలితేనే అసలుకు రాస్తారు, కాబట్టి ఆ నెల వడ్డీ విడిగా కట్టేసి, ఆ తర్వాత ఇది అసలు అని చెప్పి ఇవ్వండి. రెండోది, యూపీఐ ద్వారా పంపి, మెసేజ్ పెట్టే చోట "నోటు అసలు" అని టైప్ చేయడం, నగదు ఇస్తే ఇచ్చినట్టు సాక్ష్యమే ఉండదు. మూడోది, మొత్తం తీరిన రోజు అసలు నోటు, దాంతోపాటు ఇచ్చిన ఖాళీ చెక్కులు ఏమైనా ఉంటే అవీ తిరిగి తీసుకుని ఇంటికి రావడం. "పాత కాగితాలు వెతికి ఇస్తాలే" అంటే అక్కడే కూర్చోండి, మొహమాటపడకండి. తీరిన అప్పు నోటు మీద కోర్టు నోటీసులు రావడం మన ఊళ్లలో కొత్తేం కాదు.

నోటు తిరగరాసే సమయం దగ్గరపడితే ఇంకా జాగ్రత్త. మామూలుగా నోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది కాబట్టి అది దాటకముందే కొత్త నోటు రాయమంటారు, అందులో కట్టని వడ్డీని అసలులో కలిపేస్తారు. లక్ష నోటు మీద ఆరు నెలల వడ్డీ బాకీ ఉంటే కొత్త నోటు 1,18,000కు రాస్తారు, ఆ రోజు నుంచి వడ్డీ మీద వడ్డీ. సైడ్ ఆదాయం మొదలయ్యేసరికి మీ నోటు ఈ దశలో ఉంటే, ముందు వడ్డీ బాకీ క్లియర్ చేసి పాత అసలుకే కొత్త నోటు రాయించండి, మిగతావన్నీ ఆ తర్వాత.

ఇంకో దారి కూడా ఉంది, ఇంట్లో బంగారం ఉన్నవాళ్లకు. బ్యాంకులో గోల్డ్ లోన్ ఏడాదికి 9, 10 శాతం చుట్టూ దొరుకుతుంది. లక్షకు 10 శాతం అంటే నెలకు 833 రూపాయలు. మూడు రూపాయల నోటు తీర్చేసి ఆ అప్పును బ్యాంకుకు మారిస్తే, ట్యూషన్ డబ్బు ముట్టకుండానే నెలకు 2,100 పైన మిగులుతుంది. పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసు తాకట్టు పెట్టడానికి మనసొప్పదు, అది నాకు తెలుసు. కానీ బీరువాలో గొలుసు ఉంచుకుని బయట 36 శాతం కట్టడం అంటే ఆ గొలుసుకు ఏడాదికి 26,000 అద్దె కట్టినట్టు. గోల్డ్ లోన్ ఎక్కువగా 12 నెలలకు పూర్తిగా కట్టాలి లేదా రెన్యువల్ చేసుకోవాలి, అది వదిలేస్తే వేలం దాకా వెళ్తుంది. అందుకే ట్యూషన్ ఆదాయం ఒకటి రెండు నెలలు నిలకడగా వచ్చిందని చూశాకే ఈ అడుగు వేయండి. ఊళ్లో ప్రైవేటు తాకట్టు దుకాణంలో కాకుండా బ్యాంకులోనే పెట్టండి, అక్కడ రెండు రూపాయల వడ్డీ ఉంటే ఈ మార్పిడికి అర్థమే లేదు.

ముందే కట్టినా కలిసిరాని అప్పులు

రోజువారీ ఫైనాన్స్ అప్పు చూడండి. 10,000 అని రాసుకుని చేతికి 9,000 ఇస్తారు, వెయ్యి ముందే కటింగ్. రోజుకు 100 చొప్పున 100 రోజులు. వడ్డీ లెక్క కడితే ఇది ఘోరమైన అప్పు, మీ దగ్గర సగటున ఉండేది నాలుగున్నర వేలే, దానికి వంద రోజులకు వెయ్యి వడ్డీ, అంటే ఏడాదికి 80 శాతం చుట్టూ. ఈ రేటు చూసి చాలామంది దీన్నే మొదట తీర్చేయాలనుకుంటారు. కానీ వడ్డీ మొదటి రోజే కోసేశారు. యాభయ్యో రోజున మిగిలిన 5,000 ఒకేసారి ఇచ్చినా చాలామంది ఒక్క రూపాయి తగ్గించరు. మన ప్రశ్న గుర్తుందిగా, ఈరోజు వెయ్యి కడితే వడ్డీ ఎంత తగ్గుతుందని? ఇక్కడ జవాబు సున్నా. ముందే కడితే ఎంత వదులుతారో అడగండి, వదలనంటే దాన్ని దాని మానాన వంద రోజులూ నడవనిచ్చి, సైడ్ ఆదాయాన్ని కార్డుకో నోటుకో పంపండి. అసలు జాగ్రత్త వంద రోజులు అయిపోయే ముందు పడాలి, ఎందుకంటే ఎనభయ్యో రోజుకే "ఇంకో పదివేలు ఇవ్వమంటారా" అని వాళ్లే అడుగుతారు, పాతదాని బాకీ మినహాయించి కొత్తది ఇస్తారు. ఆ రోజుకు చేతిలో రెండు మూడు వేలు ఉండటమే ఈ అప్పు నుంచి బయటపడే మార్గం.

ఫ్లాట్ వడ్డీ అని చెప్పి ఇచ్చిన బైక్ లోన్, కన్స్యూమర్ లోన్లు మధ్యరకం. 12 శాతం ఫ్లాట్ అంటే, తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే రెండేళ్ల లోన్‌కు ఇరవై ఒకటిన్నర శాతం అవుతుంది. కానీ లోన్ సగం దాటాక వడ్డీలో ఎక్కువ భాగం ఇప్పటికే కట్టేసి ఉంటారు, పైగా ముందే మూసేస్తే ఫోర్‌క్లోజర్ ఛార్జీ, దానిమీద జీఎస్టీ. కంపెనీని ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడిగి, అందులో ఉన్న మొత్తాన్ని మిగిలిన ఈఎంఐల మొత్తంతో పోల్చుకోండి. తేడా వెయ్యి, రెండు వేలే అయితే వదిలేయండి. మైక్రోఫైనాన్స్ లోన్ అయితే 2022 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ముందే కట్టినందుకు పెనాల్టీ వేయకూడదు, వేస్తామంటే ఆ మాట చెప్పండి. వీటి వడ్డీ ఇరవై శాతం పైనే ఉంటుంది కాబట్టి కార్డు, నోటు అయ్యాక వీటి వంతు.

డ్వాక్రా గ్రూపు బ్యాంకు లోన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. గ్రూపుకు 3 లక్షల దాకా 7 శాతానికే వస్తుంది, సకాలంలో కడితే రాయితీ కూడా ఉంటుంది. దాన్ని ముందే తీర్చడం వల్ల లాభం దాదాపు ఏమీ లేదు, కానీ ఒక్క వాయిదా తప్పినా గ్రూపులో మిగతా వాళ్లందరికీ ఇబ్బంది, కాబట్టి వాయిదా తేదీకి డబ్బు ఉంచుకోండి చాలు. హౌసింగ్ లోన్ కూడా ఈ వరుసలోనే, ఆఖరున.

బావగారి దగ్గరో అక్క దగ్గరో తీసుకున్న చేబదులు సంగతి వేరు. దానికి వడ్డీ లేదు, లెక్క ప్రకారం చివర తీర్చాలి. కానీ పెళ్లిళ్లలో ఎదురుపడినప్పుడు ఆ ఇబ్బంది పడేది మీరు, డబ్బు అవసరం ఉండి కూడా అడగలేక ఊరుకున్నది వాళ్లు. నేనైతే వాళ్లకు ఫోన్ చేసి, "అక్కా, కార్డు బాకీ ఫలానా నెలకు తీరిపోతుంది, ఆ మర్నెల నుంచి నీకు నెలకు ఐదు వేల చొప్పున ఇస్తాను" అని తేదీతో చెప్పమంటాను. వాళ్ల ఇంట్లో అంతకంటే పెద్ద అవసరం ఉంటే మాత్రం వడ్డీ లెక్కలు పక్కనపెట్టి ముందు వాళ్లకే ఇవ్వండి.

కార్డు బాకీకి ఇంకో మెట్టు

11,000 చొప్పున కట్టి ఏడో నెలకు తీర్చే దారి మంచిదే కానీ, దానికంటే చవకైనది ఒకటుంటుంది. బ్యాంకుకు ఫోన్ చేసి ఆ 60,000ను ఈఎంఐగా మారుస్తారేమో అడగండి. ఏడాదికి 16 శాతం చొప్పున ఆరు నెలలకు ఇచ్చారనుకుంటే ఈఎంఐ సుమారు 10,470, వడ్డీ మొత్తం 2,830. దాని మీద జీఎస్టీ 510, ప్రాసెసింగ్ ఫీజు ఒక వెయ్యి, దానికీ జీఎస్టీ. అన్నీ కలిపినా ఖర్చు 4,500 చుట్టూ. ఊరికే కట్టుకుంటూ పోతే 9,425 అయ్యేది. ఐదు వేల దాకా మిగులు, ఒక్క ఫోన్ కాల్‌తో.

ఇందులో చిక్కు ఎక్కడుందంటే, ఈఎంఐగా మారాక ఆ 10,470 మొత్తం మినిమం డ్యూలో కలుస్తుంది. ఇదివరకు ఒక నెల ట్యూషన్ డబ్బు రాకపోతే 3,000 కట్టి గట్టెక్కేవాళ్లు, ఇప్పుడు అలా కుదరదు. ట్యూషన్లకు ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు రారు, టైలరింగ్‌కు ఆషాఢంలో గిరాకీ పడిపోతుంది, ఫొటోగ్రఫీ ముహూర్తాల మీద ఆధారపడుతుంది. మీ సీజన్ చూసుకుని, ఖాళీ నెలలు మధ్యలో వస్తుంటే పన్నెండు నెలల ఈఎంఐ తీసుకోండి, అదే రేటుకు నెలకు 5,440 చుట్టూ ఉంటుంది, వడ్డీ కాస్త పెరిగినా ఊపిరి ఆడుతుంది. బాకీ ఇప్పటికే డ్యూ డేట్ దాటి పేరుకుపోయి ఉంటే రికవరీ వాళ్లు "సెటిల్‌మెంట్ చేసుకోండి, సగానికి వదిలేస్తాం" అంటారు. నెలనెలా కట్టే స్తోమత వచ్చిన మనిషి దానికి ఒప్పుకోకూడదు. సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా పూర్తిగా తీరినట్టు కాకుండా సెటిల్డ్ అని పడుతుంది, తర్వాత ఇల్లు కట్టుకోవడానికి లోన్‌కి వెళ్లినప్పుడు అదే అడ్డం పడుతుంది.

తీర్చే నెలల్లో ఆ కార్డుతో పాలప్యాకెట్ కూడా కొనొద్దు. పాత బాకీ ఉన్నంతకాలం 45 రోజుల వడ్డీ లేని గడువు కొత్త కొనుగోళ్లకు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. సూపర్‌మార్కెట్ యాప్‌లలో, ఓటీటీలలో సేవ్ చేసిన కార్డు వివరాలు తీసేయండి, నెలనెలా 199, 299 చొప్పున తెలియకుండా కట్ అయ్యేవి ఎక్కువగా అక్కడే ఉంటాయి. ఇక మొత్తం కట్టేసిన తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో మళ్లీ వందో నూటయాభయ్యో వడ్డీ పడి కనిపిస్తే కంగారుపడొద్దు. స్టేట్‌మెంట్ తయారైన రోజుకీ మీరు కట్టిన రోజుకీ మధ్య ఉన్న రోజుల వడ్డీ అది. దాన్ని కట్టేశాక, ఆ తర్వాతి స్టేట్‌మెంట్‌లో కూడా వడ్డీ కనిపిస్తే అప్పుడు బ్యాంకును అడగండి.

ఆ సున్నా స్టేట్‌మెంట్ చేతికొచ్చిన నెలలో 11,000 కార్డు నుంచి వదిలి వస్తుంది. టీచరమ్మకు అప్పుడు నోటు, మైక్రోఫైనాన్స్ ఏవీ లేకపోతే అది మొత్తం నేరుగా ఆర్డీకి వెళ్లొచ్చు, మొదటి మూడు నెలలకే 33,000. ఆర్డీకి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ 6వ తేదీకి పెట్టుకోండి, ఫీజులు వచ్చేది 5కి కాబట్టి. వాయిదా మొత్తం ఎంచుకునేటప్పుడు మాత్రం ఏప్రిల్, మే నెలల్లో ట్యూషన్ ఉండదని గుర్తుంచుకోండి, మామూలు ఆర్డీలో వాయిదాను మధ్యలో తగ్గించడం కుదరదు.